మానేసిన మర్నాడు ఆట ఏమంటుంది?

అన్నవరం కొండమీద సత్రం గది. తెల్లవారుజామున ఐదింటికి మెలకువ వచ్చి చూస్తే పిన్ని మంచం మీద కూర్చుని ఫోన్ పట్టుకుని ఉంది. ఇంకో గంటలో వ్రతానికి వెళ్లాలి. ఏమైందో అని లేచాను. ఏమీ కాలేదు. రంగురంగుల పండ్లు మూడేసి కలిపే ఆట ఒకటి ఆమె రోజూ ఆడుతుంది. అందులో ఆ రోజు బహుమతి ఇంకా తీసుకోలేదట. "ఐదున్నరకి రోజు మారిపోతుంది నాన్నా, ముందు రోజంతా ప్రయాణంలో సిగ్నల్ లేదు కదా" అంది. పెట్టె బొమ్మ మీద నొక్కింది, కాయిన్లు గలగలమన్నాయి, 187 అనే అంకె మెరిసింది, ఫోన్ పక్కన పెట్టేసింది. అంతా కలిపి నలభై సెకన్లు.

"ఆడవా పిన్నీ?" అన్నాను.

"ఇప్పుడెక్కడ ఆడతాను? తీసుకుంటే చాలు."

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. పిన్నికి ఆ ఆటంటే నిజంగా ఇష్టం. మధ్యాహ్నం భోజనం అయ్యాక అరగంట ఆడుకుంటుంది, లెవెల్ దాటితే మాకందరికీ చెబుతుంది. కానీ ఆ పొద్దున ఐదింటికి ఆమెను లేపింది ఆట కాదు. 187వ రోజు హాజరు వేయించుకోవడం కోసం లేచింది. రోజూ రమ్మని ఊరించే బహుమతి ఎక్కడిదాకా ప్రోత్సాహం, ఎక్కడినుంచి మన చెయ్యి మెలిపెట్టడం అవుతుందన్నది ఆ తేడాలోనే ఉందని నాకనిపిస్తుంది.

ఐదున్నర సంగతి ముందు చెప్పుకుందాం, ఎందుకంటే చాలామందికి ఇది తెలియక స్ట్రీక్, అంటే తెగకుండా రోజూ వచ్చిన వరుస లెక్క, పోతుంది. చాలా ఆటలు ప్రపంచం మొత్తానికి ఒకే గడియారం పెట్టుకుంటాయి. ప్రపంచ ప్రామాణిక సమయమైన యూటీసీలో అర్ధరాత్రి అయినప్పుడు రోజు మారుతుంది. అది మనకి తెల్లవారి 5:30. డల్లాస్‌లో ఉన్నవాళ్లకి చలికాలం సాయంత్రం ఆరు, వేసవిలో ఏడు. ఇంకొన్ని ఆటలు ఫోన్లో ఉన్న స్థానిక సమయాన్నే లెక్కలోకి తీసుకుంటాయి. అలాంటి ఆట ఆడేవాళ్లు అమెరికా నుంచి హైదరాబాద్ విమానం ఎక్కితే ఒక తేదీ గాల్లోనే గడిచిపోవచ్చు. వాళ్లు ఆటను మరిచిపోలేదు, విసుగూ పుట్టలేదు. అయినా స్ట్రీక్ తెగిపోతుంది. జ్వరం, పరీక్ష, పెళ్లి, ప్రయాణం... స్ట్రీక్‌లు ఇలాంటి వాటివల్ల కూడా తెగుతాయి. మనిషి ఆసక్తి మీద కాకుండా అతని జీవితంలో వచ్చే అడ్డంకి మీద జరిమానా వేసే ఏర్పాటును మొదటినుంచీ కొంచెం అనుమానంగానే చూడాలి.

కంపెనీకి ఆ నలభై సెకన్లతో పనేంటి? ఉంది. మొబైల్ ఆటల వ్యాపారంలో రోజూ ఎంతమంది తెరిచారు, ఇన్‌స్టాల్ చేసినవాళ్లలో మర్నాడు ఎంతమంది వచ్చారు, ఏడో రోజు ఎంతమంది, ముప్పయ్యో రోజు ఎంతమంది అన్నవి ప్రాణంలాంటి లెక్కలు. పిన్ని పండ్లు కలిపినా, పెట్టె ఒక్కటే నొక్కి మూసేసినా ఆ లెక్కలో ఒకటే హాజరు. తెరిచినప్పుడల్లా దుకాణం కనిపిస్తుంది, ఆఫర్ కనిపిస్తుంది, ప్రకటన కనిపిస్తుంది. అందులో తప్పేమీ లేదు. కిరాణా కొట్టు వాడు కూడా మనం రోజూ రావాలనే కోరుకుంటాడు. అయితే రాని రోజున వాడు మన పాత ఖాతా చింపెయ్యడు.

ఇక అసలు లెక్క. అన్నవరం వెళ్లొచ్చిన నెలకి పిన్నికి కంటిశుక్లం ఆపరేషన్ అయింది. పొద్దున్న హడావుడిలో ఆట తెరవలేదు. తర్వాత కంటికి కట్టు. సాయంత్రం "నాన్నా, ఒకసారి నా ఫోన్ తీసి అది నొక్కు" అంది. ఇంటికెళ్లాక చూద్దాంలే అనుకున్నాను, మర్చిపోయాను. మర్నాడు తెరిస్తే 215 అనే అంకె బీటలు వారిన బొమ్మతో కనిపించింది. కింద 24 గంటల గడియారం వెనక్కి తిరుగుతోంది. "30 డైమండ్లతో మీ స్ట్రీక్ కాపాడుకోండి" అని పెద్ద ఆకుపచ్చ బటన్. దాని కింద సన్నటి బూడిదరంగు అక్షరాల్లో "వద్దు, నా 215 రోజులు పోనివ్వండి."

పిన్ని దగ్గర డైమండ్లు లేవు. దుకాణంలో అన్నిటికంటే చిన్న ప్యాక్ 50 డైమండ్లు, 89 రూపాయలు. నా పొరపాటే కదా అని నేనే కొనిచ్చాను. తర్వాత కూర్చుని కాగితం మీద లెక్క వేశాను.

ఆ ఆటలో బహుమతులు వారం చొప్పున తిరుగుతాయి. మొదటి రోజు 10 కాయిన్లు, రెండో రోజు 10, తర్వాత వరుసగా 15, 20, 20, 25. ఏడో రోజు ఏకంగా 100. వారం మొత్తం వస్తే 200. పిన్ని తప్పిన 216వ రోజు ఆ వారంలో ఆరోది. ఆ గడి మీద రాసి ఉన్నది 25 కాయిన్లే. చూసేవాళ్లకి పోయేది 25 అనిపిస్తుంది. కానీ ఆరో రోజు తప్పితే ఏడో రోజు బహుమతి 100 రాదు. లెక్క మళ్లీ మొదటి గడికి వెళ్లి 10 ఇస్తుంది. అంటే ఆ వారానికి చేతికి వచ్చేది మొదటి ఐదు రోజుల 75, ఏడో రోజున 10, మొత్తం 85. ఒక్కరోజు రానందుకు 115 కాయిన్లు పోయాయి. అదే ఆటలో "వరుసగా" అన్న మాట తీసేసి "ఎన్ని రోజులు వస్తే అన్ని గడులు" అని పెట్టి ఉంటే? ఆరో గడి 25 ఏడో రోజున దొరికేది, 100 ఆ మర్నాటికి జరిగేది. పోయేదేమీ ఉండేది కాదు, ఒకరోజు ఆలస్యం అయ్యేది, అంతే.

ఇప్పుడు ఆ 115 కాయిన్ల ఖరీదు చూద్దాం. అదే దుకాణంలో 500 కాయిన్లు 49 రూపాయలు. ఆ ధర ప్రకారం 115 కాయిన్లు 11 రూపాయల చిల్లర. దాన్ని కాపాడటానికి నేను ఖర్చుపెట్టిన 30 డైమండ్లు సుమారు 53 రూపాయలు. చేతిలోంచి పోయింది 89, ఎందుకంటే 30 డైమండ్ల ప్యాక్ అమ్మరు. మిగిలిన 20 డైమండ్లు ఇంకోసారి స్ట్రీక్ తెగితే చాలవు, మళ్లీ కొనాలి. పదకొండు రూపాయల వస్తువు కోసం ఎనభై తొమ్మిది ఎందుకు పెట్టాం? మేం కాయిన్లు కొనలేదు కాబట్టి. 215 అనే అంకె పోతుందన్న బాధను కాసేపు ఆపుకోవడానికి డబ్బిచ్చాం. ఆ అంకెను కంపెనీ పైసా ఖర్చు లేకుండా రోజుకొకటి చొప్పున పెంచుకుంటూ వచ్చింది. దానికి విలువ పోసింది ఏడు నెలలపాటు పిన్ని వేసిన హాజరే.

వంద రూపాయలు దొరికితే కలిగే సంతోషం కంటే వంద పోతే కలిగే బాధ ఎక్కువని మనస్తత్వ శాస్త్రవేత్తలు కానెమన్, ట్వెర్‌స్కీ 1979లో రాసిన పత్రం తర్వాత చాలామంది ఒప్పుకున్న విషయమే. స్ట్రీక్ ఆ బాధమీదే పనిచేస్తుంది. మూడో రోజు తెగితే "పోనీలే" అనుకుంటాం. ఇరవయ్యో రోజు చివుక్కుమంటుంది. రెండువందలు దాటాక నిద్ర లేచి కూర్చుంటాం. ఇక్కడే ఒక విచిత్రం ఉంది. ఇన్ని రోజుల్లో బహుమతి పెరగలేదు. 215వ రోజు కాయిన్లు అయిదో రోజు కాయిన్లే, ఇరవయ్యే. పెరిగింది పోగొట్టుకునేది మాత్రమే. రావడంవల్ల దొరికేది మొదట్నుంచీ అంతే ఉండి, రాకపోవడంవల్ల పోయేది రోజురోజుకీ బరువెక్కుతూ ఉంటే, ఆ ఏర్పాటు ప్రోత్సాహం దగ్గర ఆగలేదని నా లెక్క.

అలాగని వరుస ఉన్న ప్రతిదీ మోసం అనలేం. అయ్యప్ప మాల వేసుకున్నవాళ్లు 41 రోజులు నియమం తప్పరు. ఆ నియమాన్ని వాళ్లే ఎంచుకున్నారు, ఎప్పుడు పూర్తవుతుందో ముందే తెలుసు, పూర్తయ్యాక మాల తీసేస్తారు. ఆటలోని స్ట్రీక్‌కి ముగింపు ఉండదు. పిన్ని "రోజూ వస్తాను" అని ఎప్పుడూ అనుకోలేదు, ఎవరికీ మాట ఇవ్వలేదు. మొదటి రోజు పెట్టె కనిపించింది, నొక్కింది. మొక్కుకోని మొక్కు ఆమె నెత్తిన పడింది. ఆటల్లో ఇలాంటి చీకటి ఎత్తుల గురించి జగాల్, బ్యోర్క్, లూయిస్ అనే ముగ్గురు పరిశోధకులు 2013లో ఒక పత్రం రాశారు. ఆట చెప్పిన వేళకి మనం హాజరు కావాల్సి రావడాన్ని వాళ్లు అందులో చేర్చారు. ఫేస్‌బుక్‌లో ఆడిన సేద్యం ఆట ఫార్మ్‌విల్‌లో వేళకి రాకపోతే పంట ఎండిపోయేది, గుర్తుండే ఉంటుంది. వాళ్ల కొలబద్దలో నాకు పనికొచ్చిన మాట ఒకటుంది. ఆడేవాడి మేలుకి విరుద్ధంగా ఉండటం ఒక్కటే చాలదు, అతని సమ్మతి లేకుండా జరిగేలా ఉండాలి. నిజమే, కష్టమైన ఆట కూడా బాధపెడుతుంది, కానీ ఆ కష్టం కావాలనే కదా ఆడతాం.

ఒకే ఆటలో రెండు పద్ధతులూ పక్కపక్కన చూడాలంటే పోకెమాన్ గో చూడండి. 2016 చివర్లో అందులో రోజువారీ బోనస్ పెట్టారు. రోజూ ఒక పోకెమాన్ పట్టి, మ్యాపు మీద కనిపించే పోకెస్టాప్ అనే గుర్తునొకదాన్ని తిప్పాలి. వరుసగా ఏడో రోజు పెద్ద బహుమతి. మధ్యలో ఒకరోజు తప్పితే మొదటికి. 2018 మార్చిలో అదే ఆటలో ఫీల్డ్ రీసెర్చ్ వచ్చింది. రోజుకి ఒక పని పూర్తి చేస్తే ఒక స్టాంపు. ఏడు స్టాంపులు నిండితే పెద్ద బహుమతి. ఇందులో రోజులు వరుసగా ఉండక్కర్లేదు. సోమవారం ఒకటి, గురువారం ఒకటి, వచ్చే ఆదివారం ఇంకొకటి తెచ్చుకున్నా స్టాంపులు అక్కడే ఉంటాయి. రెండూ రోజూ రమ్మనే పిలుస్తున్నాయి, రెండిట్లోనూ ఏడుకే బహుమతి. తేడా అంతా తప్పిన రోజు దగ్గరే. రెండోదాన్ని నేను మనస్ఫూర్తిగా ప్రోత్సాహం అంటాను. రాని రోజుకి రాలేదు, అంతకుమించి అడిగింది లేదు.

మన ఇళ్లలో పాల లెక్క ఇలాగే ఉంటుంది. ఊరెళ్లిన రోజులకి క్యాలెండర్ మీద గుర్తు పెట్టుకుంటాం, నెలాఖరున ఆ రోజుల డబ్బు తీసేసి ఇస్తాం. ఇప్పుడు దీనికి పూర్తిగా తిరగేసిన పద్ధతి చూడండి. గెన్షిన్ ఇంపాక్ట్ అనే ఆట‌లో వెల్కిన్ మూన్ అని నెలవారీ కొనుగోలు ఒకటుంది. అమెరికాలో దాని ధర 4.99 డాలర్లు. కొనగానే ఆటలో చెల్లే 300 క్రిస్టల్స్ ఇస్తారు. ఆ తర్వాత 30 రోజులపాటు లాగిన్ అయిన రోజుకి ఆటలోనే చెల్లే ఇంకోరకం నాణేలు, 90 ప్రిమోజెమ్స్. మొత్తం 2,700. లాగిన్ కాని రోజు 90 పోయినట్టే, గడువు మాత్రం కరిగిపోతూనే ఉంటుంది. నెలలో ఆరు రోజులు తప్పితే 540 పోతాయి. ఇది ఉచితంగా ఇచ్చే కానుక కాదు, డబ్బు పెట్టి కొన్నది. పాలడబ్బు ముందే తీసుకుని, మనం తలుపు తియ్యని రోజు పాలు తిరిగి పట్టుకుపోయినట్టు. చౌకగా ఇస్తున్నారు కదా అని సమర్థించేవాళ్లున్నారు. విడిగా కొనడంతో పోలిస్తే చౌకే, కాదనను. ఈ షరతు కొనేముందు తెలుసుకునే వీలూ ఉంది. అందుకే దీన్ని మోసం అనను. కానీ కొన్న వస్తువుని హాజరు పట్టీకి కట్టెయ్యడం ఆడేవాడి మేలు కోసం చేసింది కాదని మాత్రం గట్టిగా అంటాను.

స్ట్రీక్ కాపాడే "ఫ్రీజ్" గురించి కూడా ఇలాగే చూడాలి. భాషలు నేర్పే యాప్ డ్యుయోలింగోవల్ల ఈ మాట చాలామందికి అలవాటైంది. ఒకరోజు రాకపోయినా అంకె పడిపోకుండా ఫ్రీజ్ అడ్డుకుంటుంది. ఇది మంచిదా చెడ్డదా అని అడిగితే, ఎలా దొరుకుతుందన్నదాన్నిబట్టి చెప్పాలి. ముందే చేతిలో ఉండి, తప్పిన రోజు దానంతటదే పనిచేసి, మర్నాడు "నిన్న రాలేదు, ఫరవాలేదు" అంటే అది ఊరట. దానివల్ల కంపెనీకీ లాభమే. పెద్ద అంకె పోగానే చాలామంది ఇక చాల్లే అని పూర్తిగా మానేస్తారు. అలాకాక, తెగాక మాత్రమే కనిపించి, గడియారం తిప్పుతూ, డబ్బుకి అమ్మితే, గాయం చేసినవాడే కట్టు అమ్ముతున్నట్టు. పిన్ని ఆటలో ఉన్నది ఈ రెండోది.

మరి చట్టం ఏమంటుంది? మన దేశంలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబర్‌లో డార్క్ ప్యాటర్న్స్, అంటే వాడేవాళ్లని మభ్యపెట్టే ఎత్తుల మీద మార్గదర్శకాలు తెచ్చింది. 13 రకాలు పేర్కొంది. లేని తొందరను సృష్టించడం, వద్దన్నవాళ్లని సిగ్గుపడేలా చేసే మాటలు వాడటం, పదేపదే విసిగించడం అందులో ఉన్నాయి. "వద్దు, నా 215 రోజులు పోనివ్వండి" అనే బటన్ రెండోదానికి దగ్గరగా వస్తుందని నా అభిప్రాయం. స్ట్రీక్ మాత్రం ఆ 13లో లేదు. ఆ గడియారాన్ని పట్టుకోవడమూ కష్టమే. అది అబద్ధం చెప్పడం లేదు, 24 గంటలు దాటితే అంకె నిజంగానే పోతుంది. అంకెని చేసిందీ వాళ్లే, పోయేలా పెట్టిందీ వాళ్లే, కాబట్టి తొందర నిజమైనదే అయి కూర్చుంది.

చైనా దీన్ని నేరుగా పట్టుకోవాలని చూసింది. 2023 డిసెంబర్ 22న అక్కడి ప్రచురణల నియంత్రణ సంస్థ ఒక ముసాయిదా విడుదల చేసింది. రోజూ లాగిన్ అయినందుకు, మొదటిసారి డబ్బు వేసినందుకు, వరుసగా డబ్బు వేసినందుకు బహుమతులు ఇవ్వడం నిషేధించాలన్నది అందులో ఒక భాగం. ముసాయిదాలో ఖర్చు పరిమితుల్లాంటివి వేరే ఉన్నాయి. అన్నీ కలిసి ఆ ఒక్కరోజే అక్కడి పెద్ద ఆటల కంపెనీల్లో టెన్సెంట్ షేరు సుమారు 12 శాతం, నెట్‌ఈజ్ సుమారు 25 శాతం పడిపోయాయి. నెల తిరిగేసరికి ఆ ముసాయిదా సంస్థ వెబ్‌సైట్ నుంచి కనిపించకుండా పోయింది. అది అమలైనా నేను పూర్తిగా సంతోషించేవాణ్ని కాదు. రోజువారీ బహుమతి అన్నదాన్నే తీసేస్తే స్టాంపుల పద్ధతీ దాంతోపాటే పోతుంది. చట్టంలో ఒక్క ముక్క రాసే అవకాశం నాకుంటే, రాని రోజువల్ల అప్పటిదాకా సంపాదించినది పోకూడదని, పోయినదాన్ని తిరిగి అమ్మకూడదని రాస్తాను.

పిల్లల విషయంలో ఇంకొంచెం కఠినంగా ఉండాలి. మాకు తెలిసిన అబ్బాయి ఇంటర్ హాస్టల్లో చేరేటప్పుడు తన లాగిన్ ఎనిమిదో తరగతి చదివే తమ్ముడికి అప్పజెప్పి వెళ్లాడు. ఆడమని కాదు, రోజూ తెరిచి బహుమతి తీసుకోమని. తమ్ముడు ఒకరోజు మర్చిపోయినందుకు ఆదివారం ఫోన్లో అన్నదమ్ములిద్దరికీ గొడవ. మన బదులు ఇంకొకరు చేసినా సరిపోయే పనిని ఆట అనలేం కదా. 1973లో లెపర్, గ్రీన్, నిస్బెట్ నర్సరీ పిల్లలతో చేసిన ప్రయోగం ఇక్కడ గుర్తొస్తుంది. బొమ్మలు గీయడం ఇష్టమున్న పిల్లల్లో కొందరికి "గీస్తే సర్టిఫికెట్ ఇస్తాం" అని ముందే చెప్పి ఇచ్చారు. తర్వాత సర్టిఫికెట్ ఊసు లేనప్పుడు వాళ్లు బొమ్మలతో గడిపిన సమయం మిగతా పిల్లలతో పోలిస్తే సగమే. అనుకోకుండా సర్టిఫికెట్ అందుకున్న పిల్లల ఇష్టం మాత్రం తగ్గలేదు. బహుమతి ఉండటంవల్ల కాదు, బహుమతి కోసమే చేస్తున్నామన్న భావన వల్ల ఇష్టం తరిగిందన్నమాట.

మీ ఫోన్లో ఉన్న ఆట సంగతి తేల్చుకోవాలంటే జ్వరమో ప్రయాణమో వచ్చేదాకా ఆగక్కర్లేదు. ఏ పనీ లేని ఒక రోజు కావాలని మానెయ్యండి. మర్నాడు తెరిచి మొదటి స్క్రీన్ నిదానంగా చదవండి. ఎంత పోయింది, దాన్ని తిరిగి ఇవ్వడానికి ఏం అడుగుతోంది, కాదనే బటన్ మీద ఏం రాసి ఉంది, రాత్రి ఎన్ని నోటిఫికేషన్లు పంపింది, అవి ఆట గురించి చెప్పాయా, పోయే అంకె గురించి చెప్పాయా అన్నది చూడండి. మానేసిన రోజు మీకు ఆట గుర్తొచ్చిందా, అంకె గుర్తొచ్చిందా అన్నది కూడా.

పిన్ని రెండోసారి ఆగస్టులో తప్పింది. మా తాతయ్య సంవత్సరీకం రోజు, వంట పనిలో. నేను వేసిన లెక్క కాగితం ఆమెకి అప్పటికే చూపించాను. ఆకుపచ్చ బటన్ నొక్కలేదు. అంకె 1కి వచ్చింది. మూడు రోజులు ఆ ఆట తెరవనే లేదు, నేను ఇక మానేసిందేమో అనుకున్నాను. నాలుగో రోజు మధ్యాహ్నం భోజనం అయ్యాక కళ్లజోడు తుడుచుకుని, చాన్నాళ్లుగా దాటలేకపోతున్న లెవెల్ ఒకటి మొదలుపెట్టింది. నలభై నిమిషాలు ఆడింది. దాటలేదు. "రేపు చూద్దాం" అంది, ఆ రేపు వర్షం పడి కరెంటు పోతే ఆవకాయ జాడీలు సర్దుకుంటూ కూర్చుంది.